కోపంలో రాసిన మెయిల్, తెల్లవారాక దిద్దుబాటు

కోపంలో రాసిన ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి జరిగిన అన్యాయం. రెండోది, ఆ అన్యాయం చేసినవాళ్లు ఎలాంటివాళ్లో రాసేవాడికి ఆ క్షణాన కలిగిన అభిప్రాయం. మొదటిదానికి జవాబు రావాలి. కానీ రెండూ కలిపి పంపితే జవాబు సాధారణంగా రెండోదానికే వస్తుంది. "మీరు వాడిన భాష బాగాలేదు" అని అవతలివాళ్లు ఒక్క వాక్యం రాసేస్తారు. అక్కడి నుంచి తగువంతా భాష గురించే నడుస్తుంది, అసలు ఫిర్యాదు పక్కకు పోతుంది. రాత్రి రాసిన మెయిల్‌ను ఉదయం దిద్దడమంటే ఈ రెండింటినీ విడదీయడం. ఫిర్యాదును పూర్తిగా నిలుపుకోవాలి, తిట్టును పూర్తిగా వదులుకోవాలి. ఈ పనిలో తప్పు రెండు వైపులా జరుగుతుంది. కొందరు తిట్లతో సహా పంపేస్తారు. మరికొందరు తెల్లవారాక భయపడి, తిట్లతోపాటు ఫిర్యాదును కూడా తుడిచేస్తారు.

ఇలాంటి మెయిళ్లు ఎక్కువగా పుట్టే చోట్లలో హెబ్బగోడి ఒకటి. బెంగళూరుకు దక్షిణాన, హోసూరు రోడ్డు మీద, ఎలక్ట్రానిక్ సిటీకీ బొమ్మసంద్ర పారిశ్రామికవాడకూ మధ్య ఉన్న ఊరు అది. ఆనేకల్ తాలూకాలో ఉంది. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు మార్గంలో చివరి స్టేషన్ బొమ్మసంద్ర అయితే, దాని ముందుది హెబ్బగోడి. చుట్టూ ఫ్యాక్టరీలు, మందుల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. వాటిలో పనిచేయడానికి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు అక్కడి పీజీల్లో, అద్దె గదుల్లో ఉంటారు. ఉద్యోగం మారినప్పుడల్లా వాళ్లకు ఎదురయ్యేది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. అంటే మానేసిన ఉద్యోగికి కంపెనీ ఇవ్వాల్సిన చివరి జీతం, మిగిలిన లీవుకు డబ్బు, రిలీవింగ్ లెటర్. ఇది ఆలస్యమైనప్పుడు రాసే మెయిల్‌నే ఇక్కడ ఉదాహరణగా తీసుకోవచ్చు. కింది సంఘటన ఏ ఒక్కరిదీ కాదు. పద్ధతిని చూపడానికి, తరచూ జరిగే విషయాల నుంచి కూర్చినది.

హెబ్బగోడిలో గది తీసుకుని ఉంటున్న ఒక యువకుడు బొమ్మసంద్రలోని ఒక కంపెనీలో నాలుగేళ్లు పనిచేశాడు. రాజీనామా చేసి, నోటీస్ పీరియడ్ పూర్తిచేశాడు. చివరి పనిదినం జనవరి 31. సెటిల్‌మెంట్ 45 రోజుల్లో పూర్తవుతుందని హెచ్‌ఆర్ జనవరి 20న మెయిల్లో రాసింది. ఆ లెక్కన గడువు మార్చి 17. అతను ఫిబ్రవరి 10న, మార్చి 2న, మార్చి 18న అడిగాడు. మూడుసార్లూ వచ్చిన జవాబు "ప్రాసెస్‌లో ఉంది" అని. మార్చి 24 సాయంత్రం నాలుగో జవాబు వచ్చింది: "అకౌంట్స్‌లో పెండింగ్‌లో ఉంది. దయచేసి ఓపిక పట్టండి." ఆ ఓపిక అనే మాట చదివాక, రాత్రి పదకొండు గంటలకు అతను ఫోన్‌లో ఇలా రాశాడు:

"మీ ఆఫీసులో మనుషులు పనిచేస్తున్నారా, రాళ్లు పనిచేస్తున్నాయా? రెండు నెలల నుంచి నా డబ్బు తిని కూర్చున్నారు. ఎప్పుడు అడిగినా ప్రాసెస్ అంటారు. మీకు సిగ్గు లేదు. నాలుగేళ్లు మీకు గొడ్డుచాకిరీ చేశాను. రాజీనామా చేశానన్న కక్షతో కావాలనే ఆపారు. మీ అకౌంట్స్ మేనేజర్‌కి కూడికలు కూడా రావు. మీది కంపెనీ కాదు, మోసగాళ్ల ముఠా. జీతం, లీవు డబ్బులు కలిపి దాదాపు లక్ష రూపాయలు ఎగ్గొట్టాలని చూస్తున్నారు. రిలీవింగ్ లెటర్ కూడా ఇవ్వలేదు. రేపు సాయంత్రంలోగా డబ్బు పడకపోతే అందరినీ కోర్టుకు ఈడుస్తాను. మీ సంగతి లోకమంతా చెబుతాను. మీ ఇంట్లోవాళ్లకు ఇలా జరిగితే అప్పుడు తెలుస్తుంది."

సీసీలో మేనేజింగ్ డైరెక్టర్‌నూ, పాత విభాగంలోని సహోద్యోగులందరినీ పెట్టాడు. మిగిలింది సెండ్ నొక్కడమే.

ఇలాంటి మెయిల్‌ను రాయడంలో తప్పు లేదు. పంపడానికి సిద్ధంగా ఉన్న చోట రాయడంలోనే ప్రమాదం ఉంది. జీమెయిల్లో పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే అవకాశం గరిష్ఠంగా 30 సెకన్లే. అవుట్‌లుక్‌లో రీకాల్ అనే సౌకర్యం ఉన్నా, అది ఒకే సంస్థ లోపలి మెయిళ్లకే పనికొస్తుంది. బయటివాళ్లకు వెళ్లిన మెయిల్ తిరిగి రాదు. అందుకే కోపంలో రాసేది జవాబు పెట్టెలో కాకుండా నోట్స్‌లో రాయాలి. మెయిల్లోనే రాస్తే చిరునామాల గడిని ముందు ఖాళీ చేయాలి. ఉదయం ఎనిమిదికి వెళ్లేలా షెడ్యూల్ చేసి పడుకోవడం మాత్రం ఆగడం కిందికి రాదు. లేచేసరికి ఆలస్యమైతే, రాత్రి రాసిన మెయిల్ రాత్రి మాటలతోనే వెళ్లిపోతుంది.

ఆగిన రాత్రి ఎలా గడిచిందన్నది కూడా ముఖ్యం. కోపాన్ని వెళ్లగక్కితే తగ్గుతుందని చాలామంది నమ్మకం. అమెరికా మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవాళ్లకు కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లే వాళ్లకంటే శాంతంగా ఉన్నారు. కాబట్టి డ్రాఫ్టును పది సార్లు చదువుకుంటూ, ఒక్కో స్నేహితుడికీ ఫోన్ చేసి అదే కథ చెబుతూ గడిపిన రాత్రి వల్ల ప్రయోజనం లేదు. కోపం అప్పుడు తెల్లవారేసరికి మరింత గట్టిపడుతుంది. డ్రాఫ్టు మూసేశాక ఆ విషయం నుంచి మనసు మళ్లడమే ఆ రాత్రికి కావాల్సింది.

ఉదయం లేవగానే ముందు తెరవాల్సింది డ్రాఫ్టు కాదు, కాగితాలు. రాజీనామాను అంగీకరిస్తూ వచ్చిన మెయిల్, 45 రోజులని చెప్పిన మెయిల్, తాను అడిగిన మూడు మెయిళ్లు, వాటికి వచ్చిన జవాబులు, డిసెంబరు పేస్లిప్, లీవు నిల్వ చూపే పేజీ. ఇవన్నీ ఒకచోట పెట్టుకుని, తేదీల వరుసలో ఒక చీటీ మీద రాసుకోవాలి. కాగితాల తర్వాత డ్రాఫ్టు చదివితే అది వేరేగా కనిపిస్తుంది. ఈ ఉదాహరణలో వెంటనే తేలేది డబ్బు లెక్క. జనవరి జీతం 42,000 రూపాయలు. లీవు 11 రోజులు. ఆ కంపెనీ నియమం ప్రకారం లీవుకు డబ్బు బేసిక్ మీద లెక్కిస్తారు. బేసిక్ 21,000 అయితే రోజుకు 700, పదకొండు రోజులకు 7,700. మొత్తం 49,700 రూపాయలు. రాత్రి రాసిన "దాదాపు లక్ష"లో సగం కూడా కాదు. ఆ ఒక్క అంకె అలాగే వెళ్లి ఉంటే, హెచ్‌ఆర్ దాన్నే పట్టుకుని "మీ లెక్క తప్పు" అని రాసేది. ఆలస్యం గురించి ఒక్క మాట చెప్పాల్సిన అవసరం వాళ్లకు ఉండేది కాదు.

తర్వాతి పని, డ్రాఫ్టులోని ఒక్కో వాక్యాన్నీ విడిగా పరీక్షించడం. అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని కాగితం చూపించి నిరూపించగలమా? ఇక్కడ పదమూడు వాక్యాలున్నాయి. వాటిలో నిలబడేవి రెండే. నాలుగేళ్లు పనిచేశాడన్నది నిజం, గొడ్డుచాకిరీ అన్న మాట తీసేస్తే. రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదన్నది నిజం. మిగతావి నిందలు, ఊహలు, అతిశయోక్తులు, బెదిరింపులు.

వాటిని అలాగే కొట్టేయడం మాత్రం తొందరపాటు. తిట్టు వెనుక చాలాసార్లు ఒక నిజమైన సంఘటన ఉంటుంది. కోపంలో ఆ సంఘటనను చెప్పే ఓపిక లేక మనిషి తిట్టుతో సరిపెడతాడు. "మీకు సిగ్గు లేదు" అని ఎందుకు రాశాడు? మూడుసార్లు అడిగినా ఒక్కసారి కూడా తేదీ చెప్పలేదు కాబట్టి. ఆ సంగతి డ్రాఫ్టులో ఎక్కడా లేదు. తిట్టును తీసేసి ఆ స్థానంలో మూడు తేదీలు రాస్తే ఫిర్యాదు బలపడుతుంది. "ఎప్పుడు అడిగినా" అన్నదానికి కూడా ఆ మూడు తేదీలే ఆధారం. "రెండు నెలల నుంచి" అన్నది అతిశయోక్తి. కచ్చితమైన మాట, జనవరి 31 నుంచి మార్చి 25 వరకు. "మోసగాళ్ల ముఠా" వెనుక ఉన్నది మాట తప్పడం. 45 రోజులని రాతపూర్వకంగా చెప్పి, ఆ గడువు దాటాక కూడా కారణం చెప్పలేదు. ఈ వాక్యం చదివినవాడు కంపెనీ గురించి ఏ అభిప్రాయానికి రావాలో తానే వస్తాడు.

కొన్ని తిట్ల వెనుక మాత్రం ఏమీ దొరకదు. అకౌంట్స్ మేనేజర్‌కు కూడికలు రావన్నదానికి ఆధారం లేదు. అతను ఈ ఫైలును చూశాడో లేదో కూడా తెలియదు. మనుషులా, రాళ్లా అన్నదీ, ఇంట్లోవాళ్ల ప్రస్తావనా అంతే. వెతికినా సంఘటన దొరకని వాక్యాన్ని నిస్సంకోచంగా తీసేయాలి.

"కక్షతో కావాలనే ఆపారు" అన్న వాక్యం దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇది తిట్టులా కనిపించదు, అందుకే ఉదయపు దిద్దుబాటులోనూ మిగిలిపోతుంది. కానీ అది అవతలివాళ్ల మనసులో ఏముందో చెప్పే వాక్యం. ఆలస్యాన్ని తేదీలు నిరూపిస్తాయి, ఉద్దేశాన్ని ఏ తేదీ నిరూపించదు. ఉద్దేశాన్ని ఆరోపిస్తే, "అలాంటిదేమీ లేదు" అన్న ఒక్క మాటతో మొత్తం మెయిల్‌కే సమాధానం ఇచ్చినట్టవుతుంది. నిజంగా కక్షే ఉన్నా ఫిర్యాదుకు దాని అవసరం లేదు. కారణమేదైనా గడువు దాటింది, డబ్బు రాలేదు.

ఈ పరీక్షలో బయటపడే మరో విషయం, అసలు బాధ ఏమిటన్నది. రాత్రి మెయిలంతా డబ్బు గురించే ఉంది. రిలీవింగ్ లెటర్‌కు దక్కింది ఒక్క వాక్యం, అదీ "కూడా" అంటూ. కాగితాలు ముందు పెట్టుకుంటే తెలిసేది వేరు. ఏప్రిల్ 6లోగా ఆ లెటర్ ఇవ్వాలని కొత్త కంపెనీ అడిగింది. డబ్బు నెల ఆలస్యమైనా బతుకు నడుస్తుంది, లెటర్ రాకపోతే కొత్త ఉద్యోగమే ప్రమాదంలో పడుతుంది. ఆ సాయంత్రం "ఓపిక పట్టండి" అన్న మాటకు అంత కోపం రావడానికి కారణం కూడా అదే. కోపం వచ్చినప్పుడు మనసు అవమానించిన మనిషి మీద నిలుస్తుంది. జరగబోయే నష్టం మీదికి మళ్లడానికి కొంత సమయం పడుతుంది. ఒక రాత్రి ఆగడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే. భాష మెరుగుపడటం రెండో లాభం.

హెబ్బగోడి లాంటి చోట భాషకు సంబంధించి ఇంకో చిక్కు ఉంది. రాసేవాడు తెలుగువాడు, చదివేవాళ్లు కన్నడిగులో తమిళులో హిందీవాళ్లో, మెయిల్ ఇంగ్లీషులో. తర్వాత నేర్చుకున్న భాషలోని తిట్లు మాతృభాషలోని తిట్లంత బలంగా తాకవని బహుభాషీయుల మీద జీన్ మార్క్ దెవాల్ చేసిన పరిశోధన చూపింది. తెలుగులో ఎదుటివాణ్ని "సిగ్గులేదా" అనడానికి సందేహించే మనిషి, ఇంగ్లీషులో షేమ్‌లెస్ అని అలవోకగా టైపు చేస్తాడు. చీటింగ్, ఫ్రాడ్ లాంటి మాటలూ అంతే. రాసేవాడికి తేలికగా అనిపించినా, ఆఫీసు మెయిల్లో అవి నేరారోపణలు. ఇంగ్లీషులో రాసిన ఒక్కో కటువైన మాటనూ తెలుగులోకి మార్చుకుని, అదే మనిషి ముఖం మీద అనగలమా అని చూసుకుంటే దాని అసలు బరువు తెలుస్తుంది.

వెటకారం విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, మెయిల్లో తాము రాసిన వెటకారాన్ని చదివేవాళ్లు సుమారు 78 శాతం సార్లు గుర్తుపడతారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజానికి గుర్తుపట్టింది 56 శాతం సార్లే. నాణెం ఎగరేసి చెప్పినా సగం సార్లు సరిగ్గా ఉంటుంది, అంటే ఇది దాదాపు గుడ్డి ఊహతో సమానం. "మీ వేగానికి ధన్యవాదాలు" అన్న వాక్యాన్ని నిజమైన కృతజ్ఞత అనుకుని ఫైలులో పెట్టేసే అవకాశం తక్కువేమీ కాదు.

చట్టం వైపు నుంచి చూసినా తిట్టును వదలడమే మేలు. రాతపూర్వకంగా ఒకరి పరువుకు నష్టం కలిగించే ఆరోపణ మూడో మనిషికి చేరితే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసుకు అవకాశం ఉంటుంది. అధికారం ఉన్న వ్యక్తికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేయడం వేరు, అకౌంట్స్ మేనేజర్‌ను దొంగ అంటూ పాత సహోద్యోగులందరికీ సీసీ పెట్టడం వేరు. అందుకే సీసీ గడిని కూడా వాక్యాలను పరీక్షించినంత శ్రద్ధగా పరీక్షించాలి. అడిగిన పని చేయగలవాళ్లు, లేదా చేయించగలవాళ్లు మాత్రమే అందులో ఉండాలి. ఈ ఉదాహరణలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌కు రాసి, హెచ్‌ఆర్ మేనేజర్‌కు సీసీ పెడితే చాలు.

ఇక బెదిరింపు. "అందరినీ కోర్టుకు ఈడుస్తాను" అన్నది కొట్టేయాల్సిందే, కానీ తర్వాత ఏం చేస్తామో చెప్పడం తప్పు కాదు. రెండింటికీ మధ్య తేడా గుర్తుపట్టవచ్చు. బెదిరింపు మనిషిని భయపెట్టడానికి, చేసే ఉద్దేశం లేకపోయినా రాస్తారు. తదుపరి చర్య అన్నది నిజంగా చేయబోయే పని, వెళ్లబోయే చోటు, తేదీతో సహా రాసేది. జీతం విషయంలో అలాంటి చర్యకు చట్టంలో స్పష్టమైన ఆధారం ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. అంటే కంపెనీ చెప్పిన 45 రోజులు కూడా జీతం విషయంలో ఎక్కువే. లీవు డబ్బును మాత్రం ఆ వాక్యంలో కలపకూడదు. దానికి ఇక్కడ ఆధారం కంపెనీ నియమం. రెండింటినీ ఒకే చట్టం కింద అడిగితే, బలమైన కోరికను కూడా సందేహంలోకి నెట్టినట్టవుతుంది.

ఇంతవరకు ఏరినదాన్ని ఒక క్రమంలో పెడితే కొత్త మెయిల్ తయారవుతుంది. ఆఫీసులో అది ఇంగ్లీషులో వెళుతుంది. విషయం మాత్రం ఇలా ఉంటుంది.

సబ్జెక్ట్ గడిలో: "రిలీవింగ్ లెటర్, జనవరి జీతం: గడువు దాటింది, మార్చి 31లోగా పరిష్కారం కోరుతూ."

"మేడమ్,

నాలుగేళ్ల ఉద్యోగం తర్వాత జనవరి 31న నా చివరి పనిదినం పూర్తయింది. సెటిల్‌మెంట్ 45 రోజుల్లో అవుతుందని జనవరి 20న మీ విభాగం రాసింది. ఆ గడువు మార్చి 17తో ముగిసింది. ఇప్పటికీ నాకు అందాల్సినవి మూడు: రిలీవింగ్ లెటర్, జనవరి జీతం 42,000 రూపాయలు, 11 రోజుల లీవుకు 7,700 రూపాయలు.

ఫిబ్రవరి 10, మార్చి 2, మార్చి 18 తేదీల్లో మీకు రాశాను. ఆ మూడు జవాబుల్లోనూ, నిన్నటి జవాబులోనూ ఎప్పుడు పూర్తవుతుందో చెప్పలేదు. గడువు దాటాక కూడా తేదీ చెప్పకుండా ఓపిక పట్టమనడం నాకు అంగీకారం కాదు.

రిలీవింగ్ లెటర్‌ను ఏప్రిల్ 6లోగా కొత్త సంస్థకు ఇవ్వాలి. అది లేకపోతే నేను అక్కడ చేరడం ఆగిపోతుంది. అకౌంట్స్ పని పూర్తయ్యేదాకా ఆపకుండా, లెటర్‌ను మార్చి 27లోగా పంపండి. డబ్బు మార్చి 31లోగా జమచేయండి. ఏదైనా మొత్తం తగ్గించాల్సి ఉంటే ఆ లెక్క కూడా పంపండి.

రాజీనామా చేసిన ఉద్యోగి వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ 17వ సెక్షన్ చెబుతోంది. మార్చి 31 నాటికి జీతం అందకపోతే ఏప్రిల్ 1న కార్మిక శాఖకు ఫిర్యాదు చేస్తాను.

పాత మెయిళ్లు, పేస్లిప్, లీవు వివరాలు జతచేశాను."

రాత్రి మెయిల్‌తో పోలిస్తే ఇందులో కోపం తగ్గింది గానీ ఒత్తిడి పెరిగింది. రాత్రి మెయిల్‌కు ఎన్ని రకాలుగానైనా జవాబు ఇవ్వవచ్చు. దీనికి లెటర్ పంపడం, డబ్బు వేయడం, లేదా ఎందుకు ఇవ్వలేదో రాతపూర్వకంగా చెప్పడం, ఈ మూడు దారులే ఉన్నాయి. పైగా ఇది ఒంటరిగా నిలబడుతుంది. హెచ్‌ఆర్ నుంచి అకౌంట్స్‌కు, అక్కడి నుంచి పై అధికారికి ఫార్వర్డ్ అయినప్పుడు, రాసినవాడెవరో తెలియని మనిషి కూడా దీన్ని ఒక్కసారి చదివితే సంగతంతా అర్థం చేసుకుంటాడు. హెచ్‌ఆర్‌లో ఉన్న ఉద్యోగికి కూడా ఇది ఉపయోగపడుతుంది. ఆలస్యం తన తప్పు కాకపోతే, ఆమె ఈ మెయిల్‌ను పై అధికారి ముందు పెట్టి పని జరిపించుకోవచ్చు. తనను తిట్టిన మెయిల్‌ను ఎవరూ అలా పైకి పంపరు.

"నాకు అంగీకారం కాదు" అన్న వాక్యం కావాలనే పెట్టినది. ఉదయపు దిద్దుబాటులో జరిగే రెండో రకం తప్పును ఆపేది అదే. తెల్లవారి మనసు చల్లబడ్డాక, రాత్రి రాసినదానికి సిగ్గుపడి మనిషి మరీ వెనక్కి తగ్గుతాడు. "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి, వీలున్నప్పుడు కాస్త చూడగలరు" అని రాస్తాడు. అందులో తేదీ లేదు, మొత్తం లేదు, గడువు దాటిందన్న మాట లేదు. అలాంటి మెయిల్‌కు మళ్లీ "ప్రాసెస్‌లో ఉంది" అన్న జవాబే వస్తుంది. ఈ తప్పును పట్టుకోవడం సులువే. రాత్రి డ్రాఫ్టును పక్కన పెట్టుకుని, అందులో నిజమని తేలిన ప్రతి సంగతీ కొత్త మెయిల్లో ఉందో లేదో ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఒక్కటి కనిపించకపోయినా దిద్దుబాటు ఎక్కువైందని అర్థం. ఫిర్యాదు చేసినందుకు క్షమాపణ అడిగే మాట ఎక్కడైనా ఉంటే దాన్ని తీసేయాలి.

పంపే ముందు చివరి పరీక్ష, మెయిల్‌ను పైకి చదవడం. రేపు కార్మిక శాఖ అధికారి ఈ మెయిల్‌ను ఇద్దరి ముందూ చదివి వినిపిస్తే ఏ వాక్యం దగ్గరైనా తల దించుకోవాల్సి వస్తుందా అని చూసుకోవాలి. ఏ వాక్యం దగ్గరైనా "దీనికి ఆధారం ఏది" అని అధికారి అడిగితే చూపించగలమా అని కూడా చూసుకోవాలి. రెండింటికీ జవాబు సరిగ్గా ఉంటే, అప్పుడు చిరునామాలు చేర్చి, కాగితాలు జతచేసి, ఆఫీసు వేళల్లో పంపాలి. తర్వాత మార్చి 31 వరకు మళ్లీ రాయనక్కర్లేదు. ఆ రోజు దాటితే మాత్రం చెప్పిన పని చెప్పినట్టు చేయాలి. చేయకపోతే తర్వాతి మెయిల్లో పెట్టే గడువును ఎవరూ లెక్కచేయరు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. బ్యాంకు ఖాతా నుంచి తెలియకుండా డబ్బు పోతే ఒక్క గంట కూడా ఆగకూడదు. వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బ్యాంకు తప్పు గానీ ఖాతాదారు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన మోసంలో, సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలిపిన ఖాతాదారుకు నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. అక్కడ మెయిల్ అందంగా ఉండటం కంటే ముందుగా చేరడం ముఖ్యం.

రెండో హద్దు వేధింపుల ఫిర్యాదుది. పని చేసేచోట ఎవరైనా బూతులు తిట్టినా, అసభ్యంగా మాట్లాడినా, ఆ మాటలను ఫిర్యాదులో ఉన్నవి ఉన్నట్టు, తేదీతో, చోటుతో రాయాలి. తిట్లు తీసేయడమంటే రాసేవాడు ఎదుటివాణ్ని తిట్టిన మాటలు తీసేయడం. తనను తిట్టిన మాటలను మర్యాద కోసం చెరిపేస్తే సాక్ష్యాన్నే చెరిపినట్టవుతుంది. మహిళలపై లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది కాబట్టి, ఒక రాత్రి ఆగినా వారాలు జరిగిపోనివ్వకూడదు.

మిగతా సందర్భాల్లో, జీతమైనా, అద్దె ఇంటి డిపాజిట్ అయినా, ఆఫీసులో తప్పుగా మోపిన నింద అయినా, క్రమం ఇదే. రాత్రి రాసి మూసేయడం, ఉదయం ముందు కాగితాలు చూడటం, ప్రతి తిట్టు వెనుక ఉన్న సంఘటనను వెతికి పైకి తేవడం, ఏమీ దొరకని తిట్టును వదిలేయడం, ఒక్క నిజాన్ని కూడా వదలకుండా పంపడం. హక్కుగా రావాల్సినదాన్ని అడిగేవాడికి తిట్టుతో పని లేదు, క్షమాపణతోనూ పని లేదు. తేదీ, మొత్తం, కోరిక, గడువు, ఈ నాలుగూ ఉన్న మెయిల్ చాలు.